అకౌంటులో గేములు, చేతిలో డిస్కులు: ఖాతా మూతపడితే ఏది మిగులుతుంది?

ప్రశ్న: అనంతపురంలో ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్ పీఎస్ 4, అదే ప్లేస్టేషన్ గేమ్ మిషన్, చూశాను. దాంతో 4 డిస్కులు ఇస్తారట. "అకౌంటులో ఇంకో 12 గేములు ఉన్నాయి, వాటికి 5 వేలు అదనం" అంటున్నారు. రేపు ఆ అకౌంటు మూసేస్తే ఆ గేముల గతేమిటి? డిస్కులు కూడా పనిచేయకుండా పోతాయా?

సమాధానం:

డిస్కులకు ధర కట్టి కొనండి, అకౌంటు గేముల కోసం అడిగే 5 వేలు మాత్రం ఇవ్వకండి. ఖాతా మూతపడినా, ఖాతా సొంతదారు మనసు మార్చుకున్నా ఆ గేములు పోతాయి, డిస్కులు పోవు. అయితే డిస్కు ఉన్నంత మాత్రాన ప్రతి గేమూ ఎప్పటికీ ఆడుతుందని కూడా చెప్పలేము కాబట్టి, డబ్బు ఇచ్చేముందు దుకాణంలోనే ఏమేమి పరీక్షించాలో కూడా రాస్తాను. నేను కర్నూలులో గేమ్ కన్సోళ్లు బాగుచేస్తాను. ఇలాంటి బేరంలో నష్టపోయి మిషన్ చెడిపోయిందనుకుని నా దగ్గరకు తెచ్చేవారు తరచుగా ఉంటారు, అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

ముందు డిస్కు సంగతి. పీఎస్ 4 డిస్కు రెండు పనులు చేస్తుంది. ఒకటి, గేము ఫైళ్లను మోసుకురావడం. డిస్కు పెట్టగానే ఆ ఫైళ్లు మిషన్‌లోని హార్డ్ డిస్కులోకి కాపీ అవుతాయి, ఆ తర్వాత గేము నడిచేది ప్రధానంగా అక్కడి నుంచే. రెండవది, ఆడే అనుమతికి రుజువుగా నిలవడం. ఫైళ్లన్నీ లోపలే ఉన్నా, గేము తెరిచిన ప్రతిసారీ డ్రైవులో డిస్కు ఉందో లేదో మిషన్ చూసుకుంటుంది, లేకపోతే పెట్టమని అడుగుతుంది. అది డిస్కును మాత్రమే చూస్తుంది గాని, దాన్ని ఎవరు కొన్నారు, ఏ ఖాతాతో లాగిన్ అయ్యారు అన్న ఆరా తీయదు. అందుకే డిస్కు మీ తమ్ముడికి ఇస్తే వాడి మిషన్‌లో ఆడుతుంది, అమ్మితే కొన్నవారి మిషన్‌లో ఆడుతుంది, మీ మిషన్‌లో మాత్రం అది తిరిగి వచ్చేదాకా ఆడదు.

మన న్యాయస్థానాలు కూడా ఇలాంటి డిస్కును వస్తువుగానే చూశాయి. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన అమ్మకం పన్ను కేసులో 2004లో సుప్రీంకోర్టు, మార్కెట్లో అందరికీ అమ్మే సాఫ్ట్‌వేర్ సీడీ వంటి దానిమీదికి ఎక్కి చేతులు మారినప్పుడు అది సరుకే అవుతుందని, దానిమీద అమ్మకం పన్ను వేయవచ్చని తేల్చింది. ఆ తీర్పు పన్నుకు సంబంధించినదే తప్ప గేములను మళ్లీ అమ్ముకోవడం గురించినది కాదు. అయినా మీ చేతిలోని డిస్కుకూ, సర్వరులో మీ పేరుమీద ఉండే అనుమతికీ ఉన్న తేడాను అర్థం చేసుకోవడానికి అది మంచి ఆధారం. గేము మీద కాపీరైటు ఎప్పటికీ తయారీదారుదే కాబట్టి డిస్కును కాపీ చేసి అమ్మే హక్కు మీకు రాదు.

స్టోరులో డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్న గేము సంగతి వేరు. అక్కడ మీరు కొన్నది లైసెన్సు, అంటే ఫలానా ఖాతాదారు ఈ గేము ఆడవచ్చన్న అనుమతి. ఆర్టీసీ బస్ పాసు ఎవరి ఫోటోతో ఉంటే వారికే ఎలా చెల్లుతుందో, ఇదీ ఆ ఖాతాకే చెల్లుతుంది, ఇంకొకరికి రాసి ఇవ్వడానికి కుదరదు. ప్లేస్టేషన్ నిబంధనల్లోనూ, కంప్యూటరు గేములు అమ్మే స్టీమ్ ఒప్పందంలోనూ ఈ మాట స్పష్టంగానే ఉంది. ఖాతాను అమ్మడాన్నీ, మరొకరికి బదిలీ చేయడాన్నీ రెండూ నిషేధిస్తాయి. కొనేవారికి ఈ సంగతి తెలియజేయాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది, అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి ముందే స్టీమ్ తన చెల్లింపు పేజీలో, మీరు పొందుతున్నది లైసెన్సు మాత్రమేనని చూపించడం మొదలుపెట్టింది.

ఈ అనుమతి మిషన్‌లో ఎలా పనిచేస్తుందో తెలిస్తే దుకాణదారు చెప్పే మాటలోని కిటుకు తెలుస్తుంది. పీఎస్ 4లో డిజిటల్ గేము రెండు మార్గాల్లో తెరుచుకుంటుంది. మొదటిది, గేము కొన్న ఖాతాతోనే లాగిన్ అయి, నెట్ కలిపి ఆడడం. రెండవది, ఆ ఖాతాకు ఆ మిషన్‌ను ప్రైమరీగా పెట్టుకోవడం. Settings లోని Account Management కింద `Activate as Your Primary PS4` అని ఉంటుంది, అది నొక్కితే ఆ మిషన్‌లో ఉన్న ఏ యూజరైనా, నెట్ లేకపోయినా, ఆ ఖాతా గేములు ఆడవచ్చు. ఒక ఖాతాకు ఒక సమయంలో ఒకే పీఎస్ 4 ప్రైమరీగా ఉండగలదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు, పిల్లలు కలిసి ఆడుకోవడానికి ఇది ఎంతో ఉపయోగపడే ఏర్పాటు.

మీకు చెబుతున్న 12 గేములు ఈ ఏర్పాటు మీదే నిలబడి ఉన్నాయి. ఎవరిదో ఖాతా ఆ మిషన్‌లో ప్రైమరీగా పెట్టి ఉంది, అందువల్ల దుకాణంలో చూపించినప్పుడు అన్నీ చక్కగా తెరుచుకుంటాయి. కానీ ఆ ఖాతా పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందో వారే దానికి సొంతదారు. వారు తమ కంప్యూటరులోనో ఫోనులోనో వెబ్‌సైటు తెరిచి, అన్ని మిషన్లలోనూ ఒకేసారి ఆ యాక్టివేషన్‌ను రద్దు చేయవచ్చు. ఈ సౌకర్యాన్ని 6 నెలలకు ఒకసారి వాడుకోనిస్తారు. అందుకు మీ మిషన్‌ను తాకనక్కరలేదు, మీకు చెప్పనక్కరలేదు. అదే ఖాతాను ఒకరికి ప్రైమరీ పేరుతో, మరొకరికి సెకండరీ పేరుతో అమ్మే అలవాటు కూడా ఉంది. సెకండరీగా కొన్నవారు నెట్ లేకుండా ఆడలేరు, ఆ ఖాతాతో ఇంకెవరైనా లాగిన్ అయితే ఆట మధ్యలోనే ఆగిపోతుంది.

ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రవాడు తెచ్చిన మిషన్ కథ చెబితే ఇదంతా కళ్లకు కడుతుంది. అతను 2 డిస్కులతో పాటు, ఖాతాలో గేములున్న పీఎస్ 4 కొన్నాడు. ఇంట్లో వైఫై లేదు కాబట్టి నెట్ కలపకుండానే చాలాకాలం ఆడుకున్నాడు. ఒకరోజు అప్‌డేట్ కోసం ఫోను హాట్‌స్పాట్‌కు కలిపాడు. ఆ తర్వాత డిస్కులో ఉన్న రెండు గేములు తప్ప మిగిలిన వాటన్నిటి బొమ్మల మీదా చిన్న తాళం గుర్తు వచ్చింది. "హార్డ్ డిస్క్ పోయినట్టుంది, మార్చల్ల అన్నా" అని వచ్చాడు. తాళం గుర్తు కనిపిస్తే అది హార్డ్ డిస్కు లోపం కాదు, ఆ గేము ఆడే అనుమతి ఆ మిషన్‌కు ఇప్పుడు లేదని అర్థం. హార్డ్ డిస్కు పాడైతే గేము తెరుచుకున్నాక మధ్యలో ఆగడమో, డేటా దెబ్బతిన్నదన్న సందేశమో, డేటాబేసు సరిచేయాలని మిషన్ అడగడమో కనిపిస్తుంది గాని తాళం పడదు.

Account Management లోనే ఉన్న `Restore Licenses` కూడా నొక్కి చూశాను. లైసెన్సు ఖాతాలో ఉండి మిషన్‌లో మాత్రమే చెదిరినప్పుడు అది బాగా పనిచేస్తుంది, సొంత ఖాతా గేములకు తాళం పడితే ముందు చేయవలసింది అదే. ఇతని విషయంలో అది పనిచేయలేదు, ఎందుకంటే అమ్మినవారు ఆ ఖాతాను వేరే మిషన్‌కు ప్రైమరీగా మార్చేశారు. పాస్‌వర్డు కూడా మారిపోయింది. అమ్మినవారు ఫోను ఎత్తలేదు. హార్డ్ డిస్కులో గేముల ఫైళ్లన్నీ యథాతథంగా ఉన్నాయి, ఒక్క మెగాబైటు కూడా పోలేదు, కానీ వాటిని తెరిచే మార్గం నా దగ్గరా లేదు, ఏ మెకానిక్ దగ్గరా లేదు.

అతనికి అన్నిటికన్నా బాధ కలిగించింది గేములు పోవడం కాదు, తను అంతకాలం ఆడి దాచుకున్న సేవ్ డేటా పోవడం. అతను తన పేరుతో యూజరు పెట్టుకోకుండా, దుకాణంవారి ఖాతా మీదే ఆడుతూ వచ్చాడు. పీఎస్ 4లో సేవ్ డేటా ఆడిన ఖాతాకు ముడిపడి ఉంటుంది. పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకున్నా మరో ఖాతాలో దాన్ని వాడుకోవడం కుదరదు. అందువల్ల తాను ఆడుతూ వచ్చిన క్రికెట్ గేము డిస్కు తర్వాత తెచ్చుకున్నా, అతను మొదటి మ్యాచు నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది. ఆటలో సాధించినవాటికి గుర్తుగా వచ్చే ట్రోఫీల సంగతీ అంతే. కాబట్టి డిస్కులు మాత్రమే కొన్నా సరే, మొదటి రోజే మీ సొంత ఈమెయిలుతో మీ ఖాతా తెరిచి, దాని మీదే ఆడండి.

మీ ప్రశ్నలోని 12 గేముల మీద నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. వాటిలో కొన్ని డబ్బుపెట్టి కొన్నవి కాక, ప్లేస్టేషన్ ప్లస్ చందాదారులకు నెలనెలా ఇచ్చే గేములు అయివుండవచ్చు. చందా ఉన్నంతకాలమే అవి తెరుచుకుంటాయి, గడువు దాటిన తర్వాత తాళం పడుతుంది, మళ్లీ చందా కడితే తెరుచుకుంటాయి. అంటే అమ్మినవారు పూర్తిగా నిజాయితీపరులైనా, ఖాతా పదిలంగానే ఉన్నా, ఆ గేములు మీకు మిగలవు.

ఇక ఖాతా మూతపడడం అన్నది ఒకే రకంగా జరగదు. సొంతదారే కావాలని మూసివేయమని కోరితే అది శాశ్వతం. కొన్న గేములు, వాలెట్‌లో మిగిలిన డబ్బు, చందాలు అన్నీ దాంతోపాటే పోతాయి, మరో ఖాతాకు మార్చరు. సంస్థ సస్పెండ్ చేయడం రెండవ రకం. ఆటలో మోసం, ఇతరులను దూషించడం వంటి వాటికి కొంతకాలానికో శాశ్వతంగానో ఖాతాను ఆపుతారు. మూడవ రకం మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది. కార్డుతో గేము కొని, తర్వాత బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఆ డబ్బు వెనక్కి తెప్పించుకుంటే, అది బాకీగా లెక్కపడి, ఆ మొత్తం కట్టేదాకా ఖాతా ఆగిపోవచ్చు. దొంగిలించిన కార్డులతో గేములు నింపి చౌకగా అమ్మే ఖాతాలకు చివరికి ఇదే జరుగుతుంది. ఖాతా ఆగిపోయిన తర్వాత, అప్పటికే మిషన్‌లో ఉన్న గేము ఒకవేళ కొన్నాళ్లు తెరుచుకున్నా దాన్ని నమ్ముకోవడానికి లేదు, ఎందుకంటే హార్డ్ డిస్కు మార్చిన రోజున దాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే దారి ఉండదు.

"అకౌంటు పాస్‌వర్డు కూడా మీకే ఇచ్చేస్తాం" అని దుకాణదారు అంటే కూడా ఒప్పుకోకండి. పాస్‌వర్డు మార్చుకున్నా, మొదట ఖాతా తెరిచినవారు పాత కొనుగోలు వివరాలు చూపించి కస్టమర్ కేర్ ద్వారా దాన్ని తిరిగి దక్కించుకునే అవకాశం ఉంది. పైగా నిబంధనల ప్రకారం ఖాతా అమ్మకమే చెల్లదు కాబట్టి, తగాదా వస్తే ప్లేస్టేషన్ దగ్గర మీ తరఫున చెప్పుకోవడానికి ఆధారం ఉండదు.

ఇప్పుడు డిస్కుల బలహీనతలు. వీటిలో అన్నిటికన్నా పెద్దది, ఎప్పుడూ సర్వరుకు కలిసి ఉంటేనే ఆడే గేములు. 2014లో వచ్చిన ది క్రూ అనే కారు పందేల గేము ఇందుకు తగిన ఉదాహరణ. యుబిసాఫ్ట్ సంస్థ 2023 డిసెంబరులో దాని అమ్మకం ఆపి, 2024 మార్చి 31న సర్వర్లు మూసివేసింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా సర్వరు కావలసిన గేము కావడంతో, డిస్కు చేతిలో ఉన్నవారు కూడా ఆ రోజు నుంచి ఆడలేకపోయారు. డిస్కు చెడలేదు, ఖాతా పోలేదు, అయినా గేము పోయింది. కాబట్టి మీకు ఇచ్చే 4 డిస్కుల్లో కేవలం ఆన్‌లైన్ ఆట కోసమే తయారైనది ఉంటే దానికి విలువ తగ్గించండి. డిస్కు అట్ట మీద నెట్ తప్పనిసరి అన్న సూచన ఉందేమో చదవండి. ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడడానికి చాలా గేముల్లో ప్లేస్టేషన్ ప్లస్ చందా కూడా వేరుగా కట్టాలి, అది డిస్కుతో రాదు.

రెండవ బలహీనత, డిస్కుతో పాటు కాగితం మీద వచ్చే కోడ్లు. అదనపు పాత్రలు, కార్లు, కథలోని కొత్త భాగాలు ఈ కోడ్లతో వస్తాయి, ఒక ఖాతాలో ఒకసారి వాడితే అవి ఆ ఖాతాకే చెందుతాయి. పాత డిస్కు కొన్నప్పుడు ప్రధాన గేము వస్తుందనే అనుకోండి, కోడుతో వచ్చినవి వస్తాయనుకోకండి. తర్వాత మీరే అదనపు భాగం కొనదలిస్తే డిస్కు ఏ ప్రాంతానిదో చూడండి. ఇతర దేశపు డిస్కు మన మిషన్‌లో ఆడుతుంది గాని, మన ఖాతాలో కొన్న అదనపు భాగం దానికి అతకకపోవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న దేశాన్ని తర్వాత మార్చుకోలేరు కాబట్టి భారతదేశాన్నే ఎంచుకోండి.

మూడవది గీతలు. పీఎస్ 4 గేములు వచ్చే బ్లూ రే డిస్కులో సమాచారం ఉండే పొర, మెరిసే వైపు ఉపరితలానికి కేవలం 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది, పైన గట్టి పూత ఉంటుంది. చిన్న గీతలను ఆ పూత తట్టుకుంటుంది, కానీ లోతైన గీత నేరుగా సమాచారాన్నే చెరుపుతుంది. పాత సీడీలను అరగదీసి బాగుచేసినట్టు దీన్ని బాగుచేయడం కష్టం, టూత్‌పేస్టు రుద్దితే మరింత పాడవుతుంది. మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగులు ఉందేమో వెలుతురుకు ఎత్తి చూడండి, అలాంటి డిస్కును తీసుకోకండి.

దుకాణంలో పరీక్ష ఇలా చేయండి. ముందు నెట్ తీసేయించండి. మిషన్‌లో కొత్త యూజరును పెట్టించి, ఒక్కొక్క డిస్కూ పెట్టి, గేము ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఆగి, తెరిచి కాసేపు ఆడండి. అంతకుముందే ఇన్‌స్టాల్ అయి ఉన్న గేమును డిలీట్ చేయించి మళ్లీ డిస్కు నుంచే ఎక్కించండి, లేకపోతే డిస్కులోని సమాచారం బాగుందో లేదో తెలియదు. ఇది ఓపికతో కూడిన పని, ఒక్కో గేముకు చాలాసేపు పట్టవచ్చు, అయినా వదలకండి. నెట్ లేకుండా డిస్కు నుంచి ఎక్కి, కొత్త యూజరుతో ఆడిన గేము రేపు ఎవరి ఖాతా మూతపడినా మీకు ఆడుతుంది.

ఆ తర్వాత సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో చూడండి, 9.00 లేదా అంతకన్నా పైది ఉండాలి. పీఎస్ 4 లోపల గడియారం నడవడానికి సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. 2021లో 9.00 వెర్షన్ వచ్చేదాకా, ఆ బ్యాటరీ అయిపోయిన మిషన్ సర్వరుతో సమయం సరిచూసుకుంటే తప్ప డిస్కు గేములు కూడా తెరిచేది కాదు. పాత మిషన్లలో ఆ బ్యాటరీ అయిపోవడం మామూలే, మార్చడానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే.

చివరగా మీ ఫోను హాట్‌స్పాట్ ఇచ్చి, మీ సొంత ఖాతాతో ఆ మిషన్‌లో లాగిన్ అవండి. ఖాతాలనే కాక మిషన్లను కూడా నెట్‌వర్కు నుంచి నిషేధించడం ఉంది, నిషేధం ఉన్న మిషన్‌లో ఏ ఖాతాతోనూ లాగిన్ కాలేరు. లాగిన్ సరిగ్గా అయిందంటే, Settings లోని Initialization లో `Initialize PS4` తీసుకుని `Full` ఎంచుకోండి. అది గంటల కొద్దీ సాగుతుంది కాబట్టి ఇంటికి వెళ్లాక చేసినా సరే. దాంతో పాత ఖాతాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత మీ ఖాతాను ప్రైమరీగా పెట్టి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, అప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి దాచండి. ఫోను నంబరు మారిపోయిన తర్వాత ఖాతాలోకి వెళ్లలేక వచ్చేవారికి ఆ కోడ్లే దిక్కు.

దుకాణదారును బిల్లు అడగండి. అందులో మిషన్ సీరియల్ నంబరు, 4 డిస్కుల పేర్లు, విడివిడిగా ధరలు ఉండాలి. ఇప్పటికే ఎవరైనా అకౌంటు గేములకు డబ్బు కట్టి మోసపోయి ఉంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, గడువు 2 సంవత్సరాలు. అక్కడ మీరు చెప్పవలసింది దుకాణం తనకు అమ్మే హక్కు లేనిదాన్ని శాశ్వతంగా ఉంటుందని చెప్పి అమ్మిందని. ప్లేస్టేషన్ మీద వేస్తే ఒప్పందంలో ఖాతా బదిలీ నిషేధం ఉందన్న జవాబే వస్తుంది. వ్యాపారం చేయని మామూలు వ్యక్తి దగ్గర ఆన్‌లైన్ ప్రకటన చూసి కొన్నవారికి ఈ దారి కష్టం, వారు పోలీసు ఫిర్యాదు చేయవచ్చు.

బేరం దగ్గర ఇలా అడిగి చూడండి: "ఆ 12 గేములూ బిల్లులో రాసి, 2 సంవత్సరాల్లో తాళం పడితే 5 వేలు తిరిగి ఇస్తామని సంతకం పెడతారా?" పెట్టరు. అప్పుడు మిషన్‌కూ, 4 డిస్కులకూ మాత్రమే ధర చెప్పమనండి.